305లో కనిపించిన నల్లి 306కు ఎలా చేరింది?

ప్రశ్న: మాది 40 గదుల హోటల్, నేను మేనేజర్‌ని. పది రోజుల కిందట రాత్రి పదకొండు గంటలకు 305లోని అతిథి, పరుపు మీద నల్లి కనిపించిందని కిందికి వచ్చి చెప్పారు. క్షమాపణ చెప్పి వెంటనే ఆయనను పక్కనున్న 306కు మార్చాం. మర్నాడు దుప్పట్లు మార్చి, మా దగ్గరున్న పురుగుమందు కొట్టించి 305కు తాళం వేశాం. ఆయన రెండు రోజులుండి వెళ్లిపోయారు. ఆరో రోజున 306లో ఉన్న మరో అతిథి చేతుల నిండా దద్దుర్లతో వచ్చారు. సంగతి బయటికి పొక్కకూడదని యజమాని అంటున్నారు. ఆ రెండు గదుల్లో అడుగు పెట్టేది లేదని హౌస్‌కీపింగ్ వాళ్లు అంటున్నారు. ఆ రాత్రి మేం ఏం చేసి ఉండాల్సింది? ఇప్పుడు ఏం చేయాలి?

సమాధానం: ముందు ఇవాళ్టి పని చెబుతాను. రెండు గదులనూ మీ బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'అవుట్ ఆఫ్ ఆర్డర్' కింద పెట్టించండి. తలుపుకు తాళం ఒక్కటే చాలదు, హోటల్ నిండిన రాత్రి ఆ తాళం తీసి గది ఇచ్చేసే మనిషి ప్రతి రిసెప్షన్‌లోనూ ఒకరుంటారు. ఆ తర్వాత అటూ ఇటూ ఉన్న 304, 307, కింద ఉన్న 205, 206, పైన ఉన్న 405, 406, నడవాకు అవతల ఎదురుగా ఉన్న రెండు గదులు, ఈ ఎనిమిదింటినీ కొత్త అతిథి దిగకముందే తనిఖీ చేయించండి. అతిథులున్న గదులైతే వారికి చెప్పి, వారి అనుమతితో చూడాలి. ఈ తనిఖీ ముగిసేదాకా ఎవరూ ఎక్కడా మందు కొట్టకూడదు. మందు కొడితే నల్లులు దాక్కున్న చోటు నుంచి చెదిరిపోతాయి, వాటి అసలు స్థావరం ఎక్కడో తర్వాత కనిపెట్టడం కష్టమవుతుంది.

మీ హోటల్‌లో నల్లులు 306కు చేరడానికి రెండు దారులున్నాయి, ఆ రెండింటినీ మీరే తెరిచారు. మొదటిది అతిథి సామాను. 305లో పరుపు పక్కనో సోఫా మీదో ఉన్న సంచిలోకి ఎక్కిన నల్లి, ఆ సంచితో పాటే 306కు వచ్చేస్తుంది. రెండోది గోడ. బజారులో దొరికే మందులు చాలావరకు పైరిథ్రాయిడ్ జాతివి. వాటికి తట్టుకునే శక్తి ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల నల్లులకు వచ్చేసింది. చావని నల్లి ఆ మందు తగిలిన చోటు విడిచి, స్విచ్ బోర్డు వెనక ఉన్న రంధ్రం గుండానో, స్కర్టింగ్ వెనక సందులోంచో, పైపులు గోడ దాటే చోటు నుంచో అవతలి గదికి పోతుంది. పైగా మీరు 305ను ఖాళీగా ఉంచారు. నల్లికి మనిషి ఒంటి వేడి, ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ దారి చూపిస్తాయి. అవి ఈ గదిలో లేకపోతే ఉన్న చోటికి వెతుక్కుంటూ పోవడం దాని స్వభావం. గది మూసేస్తే ఆకలితో చస్తాయన్న నమ్మకం చాలామందిలో ఉంది, అది తప్పు. మామూలు గది వేడిలో పెద్ద నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు, చల్లగా ఉంటే ఇంకా ఎక్కువకాలం.

ఏ దారిన వచ్చాయో 306లో తనిఖీ చేస్తున్నప్పుడే కొంతవరకు తెలుస్తుంది. ఆనవాళ్లు సామాను పెట్టే స్టాండు పట్టీల్లోనో, సంచి ఆనించే సోఫా మడతల్లోనో ఉంటే సామానుతో వచ్చాయనుకోవచ్చు. 305తో ఉమ్మడిగా ఉన్న గోడ వైపు స్విచ్ బోర్డు చుట్టూ, ఆ గోడ స్కర్టింగ్ వెంట ఉంటే గోడ దాటి వచ్చాయనుకోవచ్చు. రెండోదే నిజమైతే ఆ రంధ్రాలు పూడ్చకుండా ఎన్నిసార్లు చికిత్స చేసినా ఉపయోగముండదు.

తనిఖీ అంటే దుప్పటి ఎత్తి చూడటం కాదు. హోటల్ గదిలో నేను మొదట చూసే చోటు పరుపు కాదు, మంచం తలవైపు గోడకు బిగించిన హెడ్‌బోర్డ్. దాన్ని కొక్కేల మీంచి పైకెత్తి, ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా తిప్పి, వెనకవైపు టార్చి వెలుగును ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చూడాలి. రోజూ దుప్పట్లు మార్చేవారి చేయి ఎన్నడూ వెళ్లని చోటు అది, నిద్రపోయే తలకు జానెడు దూరంలో ఉంటుంది. అందుకే నల్లులు అక్కడ స్థిరపడతాయి. చెక్క అంచు వెంట, స్క్రూ తలల గుంటల్లో, సిరాపెన్ను ముల్లుతో పొడిచినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. తడిపిన దూదితో ఒక చుక్కను రుద్దితే ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు మరక పాకుతుంది. అది జీర్ణమైన రక్తం, మామూలు మురికికి అలా రాదు. వాటి పక్కనే ఎండిన పారదర్శకమైన కుబుసాలు, మిల్లీమీటరు పొడవున తెల్లటి గుడ్లు అంటుకుని ఉంటాయి. ఆ తర్వాతే పరుపు నాలుగు మూలల కుట్లు, అంచు పైపింగ్, మంచం చట్రం అతుకులు, పక్కబల్ల సొరుగు అడుగు, తెరల పైమడత, చిత్రపటం వెనక, స్కర్టింగ్ చూసుకుంటూ రావాలి. విద్యుత్ పలకలు విప్పాల్సి వస్తే ముందు ఆ గదికి కరెంటు తీసి, ఎలక్ట్రీషియన్ చేత విప్పించండి.

అక్కడ ఏ వయసువి ఉన్నాయన్నది జాగ్రత్తగా గమనించి రాసుకోండి, ఎందుకంటే చికిత్స ఎంత విస్తారంగా చేయాలో దాన్ని బట్టి తేలుతుంది. గుడ్డు నుంచి పిల్ల రావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ పిల్ల పెద్దదయ్యేదాకా ఐదు దశలు దాటాలి, ఒక్కో దశకు ఒకసారైనా రక్తం తాగి తీరాలి. ఆ లెక్కన వెచ్చటి గదిలో గుడ్డు పెద్ద నల్లి కావడానికి ఐదారు వారాలు పడుతుంది. ఒకే ఒక పెద్ద నల్లి కనిపించి, చుక్కలు గానీ కుబుసాలు గానీ లేకపోతే అది ఈ మధ్యనే ఎవరి సామానుతోనో వచ్చింది. రకరకాల పరిమాణాల పిల్లలు, కుబుసాలు, గుడ్లు కలిసి కనిపిస్తే వారాల తరబడి ఆ గదిలోనే కాపురం పెట్టాయి. మీ 306లో పెద్ద నల్లులు దొరికితే అవి ఆరు రోజుల్లో అక్కడ పుట్టి పెరిగినవి కాలేవు, నడిచో మోసుకురాబడో వచ్చినవే. ఒకవేళ అక్కడ అన్ని వయసులవీ కుబుసాలతో సహా దొరికితే మాత్రం, 305కు ముందే 306లో ఉండి ఉండాలి. అప్పుడు కథ తిరగబడుతుంది: అక్కడి నుంచే 305కు వచ్చాయేమో చూడాలి.

దద్దుర్లను మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. కొందరికి ఎంత కుట్టినా ఒంటి మీద ఏమీ రాదు, మరికొందరికి చాలా రోజుల తర్వాత వస్తాయి, దోమకాటునూ ఎలర్జీనీ చూపుతో వేరు చేయడం వైద్యులకు కూడా కష్టం. కాబట్టి నల్లి దొరికిందా, దాని ఆనవాలు దొరికిందా అన్నదే ప్రమాణం. దొరికిన పురుగును పారదర్శకమైన టేపుతో అంటించి కాగితం మీద పెట్టి, గది నంబరు, తేదీ, దొరికిన చోటు రాసి ఉంచండి. బొద్దింక పిల్లనూ కార్పెట్ పురుగునూ చూసి నల్లి అనుకునేవారు తక్కువేమీ కాదు, ఆ టేపు ముక్క చూస్తే పెస్ట్ కంట్రోల్ మనిషి నిమిషంలో తేల్చేస్తాడు.

ఇక ఆ రాత్రి సంగతి. అతిథి కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడు రిసెప్షనిస్టు నోట రాకూడని మాటలు రెండున్నాయి. "మా హోటల్లో నల్లులు లేవండి" అన్నది ఒకటి, "మీ సామానులోనే వచ్చి ఉంటాయి" అన్నది రెండోది. మొదటిది చూడకుండా చెప్పే అబద్ధం. రెండోది నిజమే అయినా ఆ పూట తేలేది కాదు, తేలినా ప్రయోజనం లేదు. అనాల్సింది ఇంతే: "చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడే మా సూపర్‌వైజర్ గది చూస్తారు. మీరు ఈ రాత్రి ఆ గదిలో ఉండాల్సిన అవసరం లేదు, వేరే గది సిద్ధం చేస్తున్నాం. సామాను దయచేసి ఇప్పుడే కదపకండి, ఎలా మార్చాలో నేను వచ్చి చెబుతాను." ఈ నాలుగు వాక్యాలనూ ముద్రించి కౌంటర్ వెనక పెట్టండి. నిద్రమత్తులో ఉన్న రాత్రి షిఫ్టు మనిషి ఏదో ఒకటి చెప్పి పంపేయకుండా అవి కాపాడతాయి.

మార్చే గది ఫిర్యాదు వచ్చిన గదితో గోడ గానీ పైకప్పు గానీ నేల గానీ పంచుకోకూడదు. మీ కేసులో మూడో అంతస్తు అవతలి కొసనో, వేరే అంతస్తులో దూరంగానో ఇచ్చి ఉండాల్సింది. అతిథిని లోపలికి పంపేముందు ఆ గది హెడ్‌బోర్డ్‌నూ పరుపు మూలలనూ ఎవరో ఒకరు పది నిమిషాలు టార్చి వేసి చూడాలి. ఎందుకంటే అక్కడ కూడా నల్లి కనిపిస్తే ఆ అతిథికి మీ మీద మిగిలిన నమ్మకం అంతటితో సరి.

సామాను మార్చడమే ఈ మొత్తంలో సున్నితమైన పని. అతిథిని తన సంచులకు తానే పరీక్షకుడిని చేసినట్టు కాకుండా, మీ ఖర్చుతో చేసే సాయంగా చెప్పాలి. బట్టలన్నీ పెద్ద పాలిథిన్ సంచుల్లో గదిలోనే వేసి మూతి కట్టేయాలి, ఆ సంచిని నేరుగా డ్రయ్యర్ దగ్గరికి తీసుకెళ్లి డ్రమ్ములోకే విప్పాలి, ఖాళీ సంచిని వెంటనే మూటకట్టి బయట పారేయాలి. డ్రయ్యర్ పూర్తి వేడికి చేరాక అరగంట తిరిగితే పొడి బట్టల్లోని పెద్దవీ పిల్లలూ గుడ్లూ చస్తాయి. తడి బట్టలైతే ఆరాక ఆ అరగంట లెక్క పెట్టాలి. డ్రయ్యర్ తట్టుకోలేని బట్టలను, చెప్పులను, పుస్తకాలను సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీలు నిలకడగా ఉండే ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచవచ్చు. అయితే రేపు వెళ్లిపోయే అతిథికి ఇది కుదరదు, కాబట్టి అలాంటివి చేత్తో చూసి, మూసిన సంచిలోనే ఇచ్చి, ఇంటికెళ్లాక ఏం చేయాలో చెప్పాలి. ఖాళీ సూట్‌కేసును కుట్లూ జిప్పులూ చక్రాల గూళ్లూ వాక్యూమ్ చేసి, ఆవిరి పట్టి, తనిఖీ అయ్యాకే కొత్త గదికి పంపాలి. ఈలోగా అతిథి వేసుకోవడానికి శుభ్రమైన బట్టలు మీరే ఇవ్వాలి. ఆ రాత్రికి ఆయనకు అవసరమైన మందులు, ఫోను, పర్సు చూసి చేతికివ్వండి, వాటి కోసం ఎవరినీ పొద్దుటిదాకా ఆపకూడదు. ఇంత శ్రమ వద్దని ఆయన అంటే బలవంతం చేయలేరు. అప్పుడు ఆ కొత్త గదిని కూడా అనుమానం ఉన్న గదిగానే రాసుకుని, ఆయన ఖాళీ చేయగానే తనిఖీ చేయాలి.

డబ్బు విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. ఆ రాత్రి అద్దె వాపసు ఇచ్చే అధికారం డ్యూటీలో ఉన్న మేనేజర్‌కు ముందే రాతపూర్వకంగా ఉండాలి, యజమానిని నిద్రలేపే పని ఉండకూడదు. ఆ వాపసును "ఎవరికీ చెప్పనని సంతకం పెట్టండి" అన్న షరతుతో ముడిపెట్టవద్దు. అలా ముడిపెట్టిన క్షణం నుంచి అతిథి దగ్గర నల్లికి తోడు ఇంకో ఫిర్యాదు పుడుతుంది.

అతిథి బయటికి వచ్చాక గదిలోంచి ఏదీ విప్పిన స్థితిలో బయటికి రాకూడదు. మీరు మర్నాడు మార్చిన దుప్పట్లు ఏ ట్రాలీలో వెళ్లాయో, ఆ ట్రాలీ తర్వాత ఏయే గదుల ముందు ఆగిందో ఇవాళ కూర్చుని రాసుకోండి, ఆ ట్రాలీ గుడ్డసంచినీ చూడండి. ట్రాలీని అనుమానం ఉన్న గది తలుపు దగ్గరికి కూడా తీసుకురాకూడదు. లినెన్‌ను గది మధ్యలోనే సంచిలో కట్టి, పైన గది నంబరు రాసి, వేరే లాండ్రీకి కలపకుండా 60 డిగ్రీల నీటిలో ఉతికించి, ఆ తర్వాత డ్రయ్యర్‌లో వేయించాలి. పరుపు పారేయాలని తొందరపడి నడవా గుండా ఈడ్చుకుంటూ పోయేవారిని చూశాను. దారిపొడుగునా నల్లులు రాల్చుకుంటూ పోవడమే అది. పరుపు చాలావరకు కాపాడుకోవచ్చు. తప్పదు, పారేయాలి అంటే గదిలోనే పూర్తిగా పాలిథిన్‌లో చుట్టి టేపు వేసి, ఇంకెవరూ తీసుకెళ్లి వాడుకోకుండా కోసేసి పంపండి.

చికిత్సకు వచ్చే సంస్థను ఎంచుకునేటప్పుడు "ఒక్కసారి కొడితే చాలు" అనేవారిని పంపించేయండి. డబ్బా నొక్కితే గదంతా పొగ నిండే ఫాగర్లను కూడా వద్దనండి, ఆ పొగ సందుల్లోకి వెళ్లదు, దాక్కున్నవాటిని చంపదు, చెదరగొడుతుంది. ఫాస్ఫీన్ వాయువు వదిలే ధాన్యపు గోదాముల బిళ్లలను హోటల్ గదిలో పెట్టనివ్వనే వద్దు. ఆ వాయువు గోడ సందుల్లోంచి పక్క గదుల్లో నిద్రపోయేవారికి చేరుతుంది, ప్రాణాలు తీస్తుంది.

పని సవ్యంగా సాగితే వరస ఇలా ఉంటుంది. హెడ్‌బోర్డ్ దించి, మంచం విప్పి, సొరుగులు తీసి, మొదట వాక్యూమ్ చేస్తారు. సన్నటి మూతి గొట్టంతో కుట్ల వెంట గీరుతూ కనిపించినవన్నీ లాగేసి, ఆ సంచిని అప్పటికప్పుడు మూసి భవనం బయటికి పంపుతారు. గట్టిగా అంటుకుని ఉండే గుడ్లను వాక్యూమ్ సరిగా లాగలేదు, వాటికోసం ఆవిరి పడతారు. ఈ ఆవిరి పట్టేటప్పుడు మీరు కాసేపు దగ్గర నిలబడండి. స్టీమర్ తల వెడల్పుగా ఉండి, గుడ్డ చుట్టి ఉండాలి. సన్నటి ముక్కుతో బుస్సుమని కొడితే ఆ ఒత్తిడికి నల్లులు ఎగిరి అవతల పడతాయి. పరుపు కుట్టు వెంట అడుగు దూరం సాగడానికి పది సెకన్లు పట్టేంత నిదానంగా జరగాలి. దాటిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెడితే ఆ చోటు 70 డిగ్రీలకు తగ్గకూడదు. 50 చూపిస్తుంటే చెయ్యి తొందరపడుతోందని అర్థం. ఆవిరి ఆరిన తర్వాత, సందుల్లోనూ స్విచ్ బోర్డుల వెనకా సిలికా పొడి లాంటి ఎండబెట్టే మందు పల్చగా వేస్తారు, అది నల్లి ఒంటి మీది మైనపు పొరను పీల్చేసి నీరు ఇంకిపోయేట్టు చేస్తుంది కాబట్టి పైరిథ్రాయిడ్లకు లొంగని వాటి మీద కూడా పనిచేస్తుంది. మిగిలిన చోట్ల, లేబుల్ మీద నల్లులకనీ గది లోపలకనీ రాసి ఉన్న మందు మాత్రమే, లేబుల్ చెప్పిన చోట్ల మాత్రమే వాడాలి. చివరికి పరుపుకు జిప్పు ఉన్న పూర్తి తొడుగు వేసి, దాన్ని ఏడాదికి తగ్గకుండా తీయకుండా ఉంచాలి.

గదంతా వేడి చేసే పద్ధతి కూడా ఉంది. మందుల వాసన ఉండదు, ఒక రోజులో అయిపోతుంది, గుడ్లు కూడా చస్తాయి. పెద్ద నల్లి 48 డిగ్రీల దగ్గర త్వరగానే చస్తుంది, గుడ్డుకు అదే వేడి గంటకు పైగా కావాలి, అందుకే గది గాలిని 50 డిగ్రీలు దాటించి గంటల తరబడి నిలుపుతారు. ఇక్కడ కొలవాల్సింది గది మధ్య గాలిని కాదు, పరుపు లోపల, స్కర్టింగ్ వెనక, అల్మారా మూల అడుగున పెట్టిన సెన్సర్లను. అవి చేరకపోతే చికిత్స జరగనట్టే. వేడికి పగిలే స్ప్రింక్లర్ల సంగతి ముందే మీ ఇంజనీరింగ్ వాళ్లతో మాట్లాడుకోవాలి. వేడి తగ్గిన మర్నాడు పక్క గది నుంచి కొత్త నల్లి వస్తే ఆపేదేదీ ఉండదు, కాబట్టి గోడ రంధ్రాలు పూడ్చడం, పొడి వేయడం ఈ పద్ధతిలోనూ తప్పవు.

మొదటి చికిత్సకు తప్పించుకున్న గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి, రెండో విడత 10 నుంచి 14 రోజుల మధ్య ఉండాలి. అంతకు ముందు చేస్తే గుడ్లు ఇంకా మిగిలే ఉంటాయి, మరీ ఆలస్యం చేస్తే పిల్లలు పెరిగి గుడ్లు పెట్టే దశకు దగ్గరవుతాయి. గదిని మళ్లీ ఎప్పుడు అమ్మాలన్న ప్రశ్నలో హోటళ్లు పడే ఒక గుంట ఉంది. మంచం కోళ్ల కింద పట్టే గిన్నెలు పెట్టి, ఖాళీ గదిని రెండు వారాలు ఉంచి, గిన్నెల్లో ఏమీ పడలేదని గది ఇచ్చేస్తారు. కానీ పిలిచే మనిషి మంచం మీద లేనప్పుడు నల్లి ఆ గిన్నెలోకి దిగాల్సిన అవసరమేముంది? కార్బన్ డయాక్సైడ్ వదిలే ఎర ఉన్న ఉచ్చులైతే కొంత నయం. నేనైతే రెండో విడత తర్వాత హెడ్‌బోర్డ్ మళ్లీ దింపి చేసిన తనిఖీలో ప్రాణమున్న నల్లి గానీ కొత్త చుక్క గానీ కనిపించనప్పుడే గది విడుదల చేస్తాను. పాత చుక్కలను ముందే శుభ్రంగా తుడిపించి ఉంచుతాను, లేకపోతే కొత్తదేదో పాతదేదో తెలియదు. ఆ తర్వాత మొదటి నెల ప్రతి అతిథి ఖాళీ చేసినప్పుడల్లా గిన్నెలు, పరుపు మూలలు చూసి రాయిస్తాను.

మీ హౌస్‌కీపింగ్ వాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని మొండితనంగా చూడకండి. ఇవాళే అందరినీ పావుగంట కూర్చోబెట్టి మీరే చెప్పండి. నల్లి ఎగరదు, దూకదు, పేను లాగా ఒంటి మీద కాపురముండదు, కుట్టి వెళ్లి దాక్కుంటుంది. దాని కాటు వల్ల మనుషులకు రోగాలు అంటుకుంటాయని ఇంతవరకు నిరూపణ కాలేదు. భయమల్లా బట్టల మడతల్లో ఇంటికి పోతుందేమోనని. అందుకు చేయాల్సినవి చెప్పి, వాటి ఖర్చు మీరు భరించాలి: ఆ గదుల్లో పనిచేసేవారికి పారేసే ఓవరాల్, షూ కవర్లు ఇవ్వాలి, పని అయ్యాక గది తలుపు లోపలే వాటిని విప్పి సంచిలో కట్టాలి, యూనిఫారాన్ని ఇంటికి పంపకుండా హోటల్ డ్రయ్యర్‌లోనే వేయాలి. ఎవరింట్లోనైనా నల్లి కనిపిస్తే తనిఖీ చేయించే బాధ్యత హోటల్‌ది అని నోటితో కాక కాగితం మీద చెప్పండి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన హోటల్‌లో ఒక గదిలో నల్లులు దొరికితే, అది శుభ్రం చేసే కుర్రాడి జీతంలో కోత వేయించాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒక్క ఫిర్యాదు కూడా మా సిబ్బంది నుంచి రాలేదు. నేను సంతోషించాను. నల్లచుక్కలు కనిపించిన ప్రతిచోటా వాళ్లు తడిగుడ్డతో తుడిచేసి, నోరు మెదపకుండా బయటికి వస్తున్నారని, నాలుగో గది అతిథి చెప్పాక తెలిసింది. నల్లికి శుభ్రతతో సంబంధం లేదు, అది సంచిలో వస్తుంది. చుక్క చూసి చెప్పినవారిని మెచ్చుకునే చోటే మొదటి నల్లి దగ్గర పట్టుబడుతుంది. ప్రతి దుప్పటి మార్పులో పరుపు నాలుగు మూలలూ ఎత్తి చూడటానికి పట్టే ఒకటి రెండు నిమిషాలను వారి పనిగంటల్లో లెక్కవేయండి, లేకపోతే ఆ చూడటం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఈ సంగతి తెలియాల్సినవారు రాత్రి మేనేజర్, రిసెప్షన్, హౌస్‌కీపింగ్, లాండ్రీ, మెయింటెనెన్స్. మెయింటెనెన్స్ వాళ్లను చాలామంది మరిచిపోతారు, అలా మరిచిన రోజునే ఎవరో 305లోని కుర్చీని ఖాళీగా ఉంది కదా అని 212లో వేస్తారు. గది తలుపు లోపలివైపు "ఇందులోంచి ఏ వస్తువూ కదపరాదు" అని అంటించండి, నడవా వైపు మాత్రం ఏమీ రాయక్కర్లేదు. నడవాలో వాకీటాకీల్లో ఆ మాట వినిపించకుండా గది నంబరుతో మాట్లాడుకుంటే చాలు. మీ యజమాని కోరుతున్న గుట్టు ఇంతవరకు న్యాయమే. అడిగిన అతిథికి అబద్ధం చెప్పమంటే, లేదా ఈ రెండు గదులనూ రేపటి పెళ్లివారికి ఇమ్మంటే మాత్రం కుదరదని చెప్పండి. అలా ఇస్తే నల్లులు ఇంకో నాలుగు సంచుల్లోకి ఎక్కుతాయనీ, మూసిన రెండు గదుల నష్టం కన్నా మూసిన అంతస్తు నష్టం ఎక్కువనీ గదుల వారీగా లెక్క వేసి చూపించండి. యజమానులకు మాటకన్నా లెక్క బాగా అర్థమవుతుంది.

మిగిలింది ఒక ఫోను. 306లో దద్దుర్లు వచ్చిన అతిథి ఇంకా మీ దగ్గరే ఉంటే పైన చెప్పినట్టు దూరపు గదికి మార్చి సామాను సంగతి చూడండి, దద్దుర్లు ఎక్కువగా ఉంటే వైద్యుడికి చూపించండి. 305 నుంచి 306కు మారి, అక్కడి నుంచి ఇంటికి వెళ్లిపోయిన మొదటి అతిథికి కూడా మీరే ఫోన్ చేయాలి. ఆయన సామాను ఏ జాగ్రత్తా లేకుండా రెండు గదుల్లో ఉంది, దాన్ని ఇప్పటికి ఇంట్లో పడగ్గదిలోనో మంచం కిందో పెట్టేసి ఉంటారు. "మీరు చెప్పిన గదిలో ఆనవాళ్లు దొరికాయి, చికిత్స చేయిస్తున్నాం. మీ సూట్‌కేసును పడగ్గది నుంచి బయటికి తీసి పాలిథిన్‌లో కట్టి ఉంచండి, ప్రయాణంలో తీసుకెళ్లిన బట్టలను వేడి డ్రయ్యర్‌లో అరగంట వేయించండి, పరుపు మూలలు ఒకసారి చూసుకోండి, ఏమైనా కనిపిస్తే ఈ నంబరుకు చెప్పండి" అని చెప్పండి. తనిఖీలో ఏమీ దొరక్కపోతే ఆ మాటే చెప్పండి, సూట్‌కేసు జాగ్రత్త మాత్రం ఎలాగూ చెప్పాలి. ఆ ఫోను ఎప్పుడు చేశారో, ఆయన ఏమన్నారో, 305 తనిఖీ రాసిన పుస్తకంలోనే ఆ పేజీ కింద రాసి ఉంచండి.